రంగు మారిన బియ్యానికి మార్చి 31న ధర ఎంత?

గోదావరి డెల్టాలోని రైసు మిల్లుకి మార్చి 31 ఇరకాటపు తేదీ. ఆ రోజు గోదాములో ఉండేది నవంబరు, డిసెంబరుల్లో కోసిన సార్వా సరుకు. చేలో ఉండేది ఏప్రిల్లో కోతకొచ్చే దాళ్వా. పాత పంటలో కొంత అమ్ముడుపోలేదు, కొత్త పంట ధర ఇంకా తేలలేదు. లెక్కల సంవత్సరం మాత్రం ఆ రాత్రితో ముగుస్తుంది కాబట్టి గోదాములో ఉన్న ప్రతి బస్తాకీ ఒక ధర కట్టక తప్పదు. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెప్పే సూత్రం ఒక్క వాక్యమే: సరుకుకి పట్టిన ఖర్చు, దాని నికర రాబడి విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. ఆడిటర్లు నెట్ రియలైజబుల్ వాల్యూ అనేది ఈ రెండోదాన్నే. ఆదాయపు పన్ను లెక్కల్లోనూ సూత్రం ఇదే.

పాత పాఠ్యపుస్తకాల్లో ఈ రెండోదాన్ని మార్కెట్ ధర అని రాసేవారు. చాలా తప్పులు ఆ మాట నుంచే వస్తాయి. మార్కెట్ ధర అంటే ఆ సరుకుని ఇప్పుడు మళ్లీ కొనాలంటే అయ్యేదా, అమ్మితే వచ్చేదా? సూత్రం అడిగేది అమ్మితే వచ్చేది. అదీ మొత్తం కాదు. మామూలు వ్యాపారంలో రాగల అమ్మకపు ధర నుంచి, సరుకుని అమ్మకానికి సిద్ధం చేయడానికి ఇంకా అయ్యే ఖర్చు తీసెయ్యాలి, అమ్మడానికయ్యే ఖర్చూ తీసెయ్యాలి. మిగిలిందే నికర రాబడి విలువ. లారీ కిరాయి, దళారీ కమీషన్ తియ్యకుండా ఫోన్లో విన్న ధరనే పుస్తకంలో రాసేస్తే అది మార్కెట్ కబురు అవుతుంది కానీ నికర రాబడి విలువ కాదు.

మండపేట దగ్గర ఒక మిల్లు ఉందనుకుందాం. అంకెలు సులువు కోసం ఊహించినవి. మిల్లు స్వర్ణ ధాన్యం కొంటుంది. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి ఎంటీయూ 7029 అన్న పేరుతో వచ్చిన రకమే అది. రవాణా, హమాలీ కలుపుకుని మిల్లు చేరేసరికి క్వింటాల్ ధాన్యానికి 2,350 రూపాయలు పడింది. వంద క్వింటాళ్లకి 2,35,000. ఆడించడానికి 6,000 ఖర్చు. 67 క్వింటాళ్ల బియ్యం, 6 క్వింటాళ్ల తవుడు వచ్చాయి. ఊక మిల్లులోనే మంటకి పోయింది. తవుడు ఉప ఉత్పత్తి కాబట్టి దానికి వచ్చే 13,200 రూపాయలు ఖర్చులోంచి తీసేస్తారు. మిగిలిన 2,27,800 రూపాయల్ని 67 పెట్టి భాగిస్తే క్వింటాల్ బియ్యానికి పట్టిన ఖర్చు 3,400.

మార్చి 31న గోదాములో రెండు రకాల బియ్యం ఉన్నాయి. మంచి బియ్యం 1,000 క్వింటాళ్లు. ధర 3,600, కిరాయికీ కమీషన్‌కీ 100 పోతే 3,500 చేతికొస్తుంది. పట్టిన ఖర్చు కన్నా ఇది ఎక్కువ. కాబట్టి పుస్తకంలో 3,400 చొప్పున 34 లక్షలే ఉంటుంది. రావలసిన లాభం అమ్మిన రోజున వస్తుంది, అంతకు ముందు రాదు.

రెండో రకం 400 క్వింటాళ్లు. డిసెంబరు వానకి కళ్లంలో తడిసిన ధాన్యం అది. కొనేటప్పుడు పైకి తేడా కనిపించక మామూలు ధరే పెట్టారు, ఆడించాక బియ్యం రంగు మారి వచ్చింది. దీనికి 3,150కి మించి ఎవరూ ఇవ్వరు. ఆ ధర రావాలన్నా సార్టెక్స్ మీద మరోసారి వేసి నల్లగింజ ఏరెయ్యాలి, దానికి 50. కిరాయి, కమీషన్ 100. నికరంగా మిగిలేది 3,000. ఖర్చు 13,60,000, నికర రాబడి విలువ 12,00,000. అంటే 1,60,000 రూపాయల నష్టం ఈ సంవత్సరం ఖాతాలోనే పడాలి. దీనికి ప్రత్యేకమైన తంతు ఏమీ అక్కర్లేదు. ముగింపు సరుకుని 12,00,000గా చూపిస్తే లాభం ఆ మేరకు దానంతటదే తగ్గుతుంది.

ఇక్కడే ఒక పాత మెళకువ బయటికొస్తుంది. రెండు రకాలనీ కలిపి చూస్తే మొత్తం ఖర్చు 47,60,000, మొత్తం నికర రాబడి విలువ 47,00,000. తగ్గింపు 60,000తో సరిపోతుంది. మంచి బియ్యంలో ఇంకా చేతికి రాని లక్ష రూపాయల లాభం, చెడిన బియ్యంలో ఇప్పటికే పోయిన లక్షని కప్పేసింది. అందుకే పోలిక ఏ సరుకుకి ఆ సరుకుగా చెయ్యాలి. విడదీయడానికి వీల్లేని చోట మాత్రమే ఒకే తరహా సరుకుల్ని కలపడానికి అనుమతి ఉంది. రంగు మారిన బియ్యం గుట్ట వేరుగా ఉండి, వేరే ధరకి అమ్ముడయ్యేటప్పుడు ఆ సాకు చెల్లదు.

ఆడించని ధాన్యం సంగతి వేరు. అదే మిల్లులో 2,350కి కొన్న మంచి ధాన్యం ఇంకా ఉంది, బయట ధర 2,250కి పడిపోయింది. చాలామంది గుమాస్తాలు వెంటనే వంద తగ్గించేస్తారు. అక్కర్లేదు. ఆ ధాన్యం మిల్లు అమ్మే సరుకు కాదు, ఆడించే సరుకు. వంద క్వింటాళ్లు ఆడిస్తే 67 క్వింటాళ్ల బియ్యానికి నికరంగా 2,34,500 వస్తుంది. తవుడు 13,200 కలిపి, ఆడింపు 6,000 తీసేస్తే 2,41,700. కొన్న ధర 2,35,000 కన్నా ఎక్కువే కాబట్టి ధాన్యం విలువ కదపకూడదు. బియ్యం ధరే 3,450కి దిగితే లెక్క తిరగబడుతుంది: వచ్చేది 2,31,650. అప్పుడు తగ్గించక తప్పదు. అలాంటప్పుడు మళ్లీ కొంటే అయ్యే ధర మంచి కొలత కావచ్చని స్టాండర్డ్ అంటుంది. కావచ్చు అన్న మాటని గమనించాలి. దిగుబడి ఎంతో తెలిసిన బియ్యం మిల్లుకి పైన వేసిన లెక్కే ఎక్కువ నమ్మదగినది.

తవుడు దగ్గర ఇంకో మోసం ఉంది. ఆడించిన కొద్ది రోజుల్లోనే తవుడులో ఆమ్లం పెరిగి కంపు పడుతుంది, నూనె తీసే ప్లాంట్లు దాన్ని తాజా ధరకి తీసుకోవు. మూలన పడి ఉన్న పాత తవుడుకి నిన్నటి తాజా ధర వేస్తే అంకె అబద్ధమే.

ఏప్రిల్ బిల్లులు ఆడిటర్‌కి మంచి సాక్ష్యం, కానీ అన్నీ కాదు. దాళ్వా వస్తుందని, ధర మెత్తబడుతుందని మార్చి 31కే అందరికీ తెలుసు. అందుకని ఏప్రిల్ మొదట్లో 3,150కే అమ్ముడైన బిల్లు మార్చి నాటి స్థితినే చెబుతుంది. ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం ఎగుమతులు ఆపేస్తే వచ్చే నష్టం మాత్రం కొత్త సంవత్సరానిది. లెక్కలు ముగించే తేదీకి ముందే ఉత్తర్వు వస్తే కథ మారుతుంది. 2022 సెప్టెంబరు 9 నుంచి నూకల ఎగుమతిని నిషేధించారు. కాకినాడ రేవు కోసం నూకలు కొని పెట్టుకున్న వ్యాపారి ఆ సెప్టెంబరు 30న సరుకు విలువ కడితే ఎగుమతి ధరని లెక్కలోకి తీసుకోలేడు. దాణాకో, డిస్టిలరీకో అమ్మితే వచ్చే ధరే అతనికి గతి. ముందుగా ఒప్పందం కుదిరి, అమలయ్యే స్థితిలో ఉన్న సరుకుకి మాత్రం ఒప్పందపు ధరే పట్టాలి, ఆ పరిమాణం వరకే.

తగ్గించిన విలువ మరుసటి ఏడాదికి ప్రారంభ సరుకుగా వెళ్తుంది. అనుకున్నట్టే 3,150కి అమ్మితే లాభం లేదు, నష్టం లేదు. అమ్మకుండా మరో మార్చి 31 దాకా ఉంచితే మళ్లీ కొత్తగా లెక్క వెయ్యాలి. ఈలోగా ధర కోలుకుంటే, ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీలు తగ్గించినదాన్ని తిరిగి ఎక్కించాలి. అదీ 3,400 దాకానే.