ఇద్దరు ప్రయాణికుల తేడా

కాగుల్ పోటీల్లో నోట్‌బుక్‌ల పేర్ల పక్కన చాలాసార్లు ఒక దశాంశం కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఆ అంకెనే చదువుతారు. పెద్ద అంకె ఉన్న నోట్‌బుక్ తెరిచి, కాపీ చేసుకుని, ఓ రెండు పారామీటర్లు మార్చి పంపుతారు. నా దగ్గర డేటా సైన్స్ నేర్చుకునే ఓ అమ్మాయి ఈమధ్య ఫోన్ చేసి, "సార్, స్కోరు 0.77990 నుంచి 0.78468కి పెరిగింది. మ్యాక్స్ డెప్త్ ఐదు బదులు ఆరు పెట్టాను, అంతే" అంది. గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది. "ఆ పెరిగింది ఎంతమంది ప్రయాణికులమ్మా?" అని అడిగాను.

అది టైటానిక్ పోటీ. ఈ రంగంలోకి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడుగుపెట్టేది అందులోనే. train.csvలో 891 మంది ప్రయాణికులుంటారు, ఎవరు బతికారో ఎవరు పోయారో Survived అనే కాలమ్ చెబుతుంది. test.csvలోని 418 మందికి ఆ జవాబు మనం ఊహించి పంపాలి. ఎన్ని సరిపోయాయన్నదే స్కోరు. కాబట్టి ఒక్క ప్రయాణికుడి విలువ ఒకటి బై 418, అంటే 0.00239. ఆ అమ్మాయి సాధించిన పెరుగుదల అచ్చంగా ఇద్దరు మనుషులు. 326 సరైన జవాబులు 328 అయ్యాయి.

ఆ ఇద్దరూ నిజంగా డెప్త్ మార్చినందువల్లే వచ్చారా? దీన్ని తేల్చుకోవడానికి నేను అందరి చేతా చేయించే పని ఒకటుంది. పాత సబ్మిషన్‌నూ కొత్త సబ్మిషన్‌నూ పక్కపక్కన పెట్టి, ఎన్ని వరసల్లో జవాబు మారిందో లెక్కపెట్టడం. పాండాస్‌లో ఒక్క వాక్యం, `(a != b).sum()`. ఆమె లెక్కపెడితే పన్నెండు వచ్చింది. పన్నెండు జవాబులు మారితే స్కోరు రెండే పెరిగిందంటే, ఏడు తప్పులు ఒప్పులయ్యాయి, ఐదు ఒప్పులు తప్పులయ్యాయి. నాణెం పన్నెండుసార్లు ఎగరేస్తే ఏడు బొమ్మలు పడటంలో వింతేమీ లేదు. డెప్త్ ఐదు మంచిదో ఆరు మంచిదో ఈ అంకె చెప్పలేదు. అసలు 78 శాతం దగ్గరున్న మోడల్‌ని అలాంటివాళ్లే మరో 418 మంది మీద పరీక్షిస్తే, స్కోరు రెండు శాతం అటూ ఇటూ ఊగడం మామూలే. రెండు శాతమంటే ఎనిమిది తొమ్మిది మంది.

ఒకసారి ఇద్దరు పెరిగితే నష్టమేముంది అనిపించవచ్చు. నష్టం ఆ ఒక్కసారిలో లేదు. పెరిగినదాన్ని ఉంచుకోవడం, తగ్గినదాన్ని పారేయడం, మళ్లీ పంపడం, ఇలా వారాల తరబడి సాగితే మోడల్ ఎంపిక చేస్తున్నది మనం కాదు, ఆ 418 మంది తాలూకు యాదృచ్ఛికత. ఇది ఎంతదూరం పోతుందో 2015లో మోరిట్జ్ హార్ట్ అనే పరిశోధకుడు చూపించాడు. డేటా ముఖం చూడకుండా, ఉత్త యాదృచ్ఛిక జవాబులు పంపుతూ, లీడర్‌బోర్డు చెప్పే స్కోరును మాత్రమే పట్టుకుని పైకి ఎక్కవచ్చని. కంప్యూటర్లో కృత్రిమంగా ఇదే చేసి చూడవచ్చు. 418 వరసల్లో సగం కనిపించే స్కోరుకు, సగం చివర్లో తెరిచే స్కోరుకు అనుకుందాం.

```python
import numpy as np
rng = np.random.default_rng(0)
y = rng.integers(0, 2, 418)
pub = np.arange(418) < 209
votes = np.zeros(418)
for _ in range(301):
    s = rng.integers(0, 2, 418)
    good = (s[pub] == y[pub]).mean() > 0.5
    votes += (2*s - 1) * (1 if good else -1)
p = (votes > 0).astype(int)
print((p[pub] == y[pub]).mean())
print((p[~pub] == y[~pub]).mean())
```

ఇందులో మోడల్ లేదు, ఫీచర్ లేదు. సగం కంటే మెరుగైన ఊహను అలాగే తీసుకోవడం, తక్కువైనదాన్ని తిరగేయడం, చివర్లో అన్నిటినీ కలిపి ఓటు వేయించడం, అంతే. కనిపించే సగంలో స్కోరు 80 శాతం దరిదాపుల్లోకి వెళ్తుంది. దాచిన సగంలో 50 దగ్గరే ఉంటుంది. సీడ్ మార్చి ఎన్నిసార్లు నడిపినా కథ మారదు. ప్రైజు పోటీల్లో టెస్టు డేటాను ఇలాగే పబ్లిక్, ప్రైవేట్ అని విడదీసి, చివరి రోజున ప్రైవేట్ స్కోరు తెరుస్తారు. అందుకే అక్కడ కొందరు రాత్రికి రాత్రి వందల స్థానాలు జారిపోతారు. టైటానిక్ పోటీకి అలాంటి చివరి రోజు లేదు. చేసిన తప్పు ఎప్పటికీ బయటపడదు, అదే అలవాటై తర్వాతి పోటీలోకి మనతో పాటు వస్తుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

అయితే భయాన్ని పెంచి చెప్పడం నాకిష్టం లేదు. 2019లో రెబెకా రోలోఫ్స్, ఆమె సహచరులు కాగుల్‌లోని వందకు పైగా పోటీల పబ్లిక్, ప్రైవేట్ స్కోర్లను పోల్చి చూశారు. చాలా పోటీల్లో పెద్దగా ఓవర్‌ఫిట్టింగ్ కనిపించలేదు. టెస్టు డేటా పెద్దదై, వరసలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే లీడర్‌బోర్డును చాలావరకు నమ్మవచ్చు. ప్రమాదం చిన్న టెస్టు సెట్లది, నేర్చుకునేవాళ్లకు దొరికేవి ఎక్కువగా అవే.

ఇక టైటానిక్ లీడర్‌బోర్డు పైభాగంలో 1.0 స్కోర్లు వరసగా కనిపిస్తాయి. ఆ ఓడ ప్రయాణికుల్లో ఎవరు బతికారో చరిత్రలో నమోదై ఉంది, జాబితాలు ఎవరికైనా దొరుకుతాయి. అది చూసి నింపిన జవాబులవి. వాటి నుంచి తీసుకోవడానికి ఏమీ లేదు.

తీసుకోదగింది కొంచెం కిందే ఉంటుంది. ఆడవాళ్లందరూ బతికారు, మగవాళ్లందరూ పోయారు అని రాసిపెట్టిన gender_submission.csvని పోటీవాళ్లే ఇస్తారు. దాని స్కోరు 0.76555, అంటే 320 మంది. ఎన్నో నోట్‌బుక్‌లు బారెడు కోడ్ రాసి దీనికి పదిమందిని కూడా కలపలేవు. క్రిస్ డియోట్ రాసిన Titanic using Name only అనే నోట్‌బుక్ మాత్రం దాదాపు పేర్లనే ఆధారం చేసుకుని 0.81818కి చేరింది. 342 మంది. ఇరవై రెండు మంది తేడా ఒక డెప్త్ మార్పుతో వచ్చేది కాదు, దాని వెనక ఒక ఆలోచన ఉండాలి.

ఉంది. ఓడ మునుగుతున్నప్పుడు ఒక కుటుంబంలోని ఆడవాళ్లూ పిల్లలూ విడిపోలేదు. బతికితే చాలావరకు అందరూ బతికారు, పోతే అందరూ పోయారు. సేజ్ కుటుంబాన్నే చూడండి. మూడో తరగతిలో తల్లిదండ్రులు, తొమ్మిది మంది పిల్లలు, అందరి టికెట్టూ CA. 2343. వాళ్లలో ఏడుగురు train.csvలో ఉన్నారు, ఏడుగురికీ Survived సున్నా. మిగిలిన నలుగురు test.csvలో ఉన్నారు. అందులో తల్లి, ఆడా అనే అమ్మాయి. ఆడ, మగ అన్న సూత్రం ఆ ఇద్దరూ బతికారంటుంది. ఇంటిపేరు చూసినవాడు పోయారంటాడు, అదే నిజం. అలాగే మాస్టర్ అన్న పిలుపు ఉన్న మగపిల్లవాడి ఇంట్లో తక్కిన ఆడవాళ్లూ పిల్లలూ బతికి ఉంటే, వాడూ బతికాడనవచ్చు.

నేను చెప్పిన తర్వాత ఆ అమ్మాయి ఈ ఆలోచనను తన మోడల్‌లోకి తెచ్చుకుంది. ఒక్కో టికెట్ నంబరు మీద ఉన్నవాళ్ల Survived సగటు తీసి ఫీచర్‌గా పెట్టింది. క్రాస్ వాలిడేషన్ స్కోరు 90 దాటిపోయింది. పంపితే లీడర్‌బోర్డు మీద పాతదాని కంటే తగ్గింది. అంత తేడా వస్తే ముందు అనుమానించాల్సింది జవాబు ఫీచర్లోకి కారిందేమోనని. train.csvలోని 891 మందిలో 547 మంది టికెట్ నంబరు ఆ ఫైల్లో మరెవరికీ లేదు. ఒక్కరే ఉన్న టికెట్‌కి సగటు తీస్తే వచ్చేది ఆ మనిషి సొంత జవాబే. మోడల్ దాన్ని చదివి అప్పజెప్పింది. టెస్టులో ఒంటరి ప్రయాణికుడికి ఆ సగటే లేదు కాబట్టి అక్కడ చతికిలపడింది.

సరిచేయడం కష్టమేమీ కాదు. సగటు తీసేటప్పుడు ఆ మనిషిని లెక్కలోంచి తీసేయాలి, పైగా ప్రతి ఫోల్డ్‌లోనూ శిక్షణకు వాడే భాగం నుంచే సగటు తీయాలి. ఆలోచన తర్వాత, నోట్‌బుక్ నుంచి నేర్చుకోవాల్సిన రెండో సంగతి ఇది, కానీ కోడ్‌ని గబగబా కాపీ చేసేవాళ్ల కళ్లకు ఆనదు. ఏ ఫీచర్ పెట్టారన్నది అందరూ చూస్తారు. దాన్ని ఫోల్డ్ లోపల లెక్కగట్టారా, బయటా అన్నది చూసేవాళ్లు తక్కువ.

తర్వాత ఆమె ఇంకో మంచి ప్రశ్న అడిగింది. "ఒకే కుటుంబం రెండు ఫోల్డుల్లోకి చీలితే తప్పు కదా సార్, గ్రూప్ కె-ఫోల్డ్ వాడాలేమో?" చాలా పోటీల్లో అది సరైన అనుమానమే. ఒక రోగి ఎక్స్‌రేలు రెండు వైపులా పడితే స్కోరు అబద్ధం చెబుతుంది, ఎందుకంటే టెస్టులో వచ్చేది కొత్త రోగులు. కానీ ఇక్కడ సేజ్ కుటుంబమే ట్రైన్‌కూ టెస్టుకూ మధ్య చీలి ఉంది. టెస్టు ఎలా చీలిందో మన ఫోల్డులూ అలాగే చీలాలి. టికెట్ వారీగా విడదీస్తే ఈ ఫీచర్‌కి విలువే లేనట్టు కనిపిస్తుంది, ఈ పోటీలో అది నిజం కాదు. అదే మోడల్‌ని రేపు మరో ఓడకు వాడమంటే మాత్రం గ్రూప్ వారీ స్కోరే నిజం, అప్పుడు ఈ ఫీచర్‌ను పక్కన పెట్టాల్సిందే.

ఇలా చదివితే ఒక నోట్‌బుక్‌కి ఒక సాయంత్రం పడుతుంది. నేను చేసేది ఏమిటంటే, రాసినవారి ఫోల్డుల పద్ధతిని ముందు ఉంచుకుని, ఫీచర్లను ఒక్కొక్కటిగా తీసేస్తూ, నాలుగైదు సీడ్‌లతో స్కోరు నడిపి చూస్తాను. సీడ్ మారితే వచ్చే ఊగిసలాట కంటే తీసేసిన ఫీచర్ వల్ల వచ్చే పతనం ఎక్కువైతే అది నా నోట్సులోకి వెళ్తుంది. లేకపోతే వెళ్లదు. చాలా నోట్‌బుక్‌లలో మిగిలేది ఒకటో రెండో ఆలోచనలు. ఇతరుల సబ్మిషన్లను 0.35, 0.65 పాళ్లలో కలిపిన నోట్‌బుక్‌లనైతే నేను తెరవను. ఆ పాళ్లు ఎలా వచ్చాయో రాసి ఉండదు, చాలాసార్లు లీడర్‌బోర్డును అడిగి అడిగి తెచ్చినవే.

ఆ అమ్మాయి ఇప్పుడు ప్లేగ్రౌండ్ పోటీలో ఉంది. అక్కడ ప్రైవేట్ స్కోరు ఉంటుంది, చివరికి రెండు సబ్మిషన్లు ఎంచుకోనిస్తారు. తన క్రాస్ వాలిడేషన్‌లో మొదటిదాన్ని ఒకటిగా, పబ్లిక్ స్కోరులో మొదటిదాన్ని రెండోదిగా పెడతానంటోంది. రెండోదాని బదులు వేరే రకం మోడల్ నుంచి ఇంకొకటి పెట్టమన్నాను. ఇంకా ఒప్పుకోలేదు.