గుడి పెరిగిన తీరు

వేములవాడలో భక్తుడి నడక గర్భగుడితో మొదలుకాదు. ముందు ధర్మగుండంలో స్నానం. కోడె మొక్కు ఉంటే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి దాన్ని కట్టేయాలి. ఆ తర్వాతే రాజన్న దర్శనం. గుండం, ప్రాకారం, మండపం, గర్భగుడి ఒకే రోజు గీసిన పటంలోంచి రాలేదు. ఒక్కో అవసరం కోసం ఒక్కోటి వేర్వేరు కాలాల్లో చేరాయి. ఉత్తర తెలంగాణ ఆలయ సముదాయాలు అర్థం కావాలంటే ఈ చేరికల వరుసను చదవడం నేర్చుకోవాలి.

వేములవాడ ఒకప్పుడు రాష్ట్రకూటుల సామంతులైన చాళుక్యుల రాజధాని. అప్పటి పేరు లేంబులపాటక. మూడో అరికేసరి 966లో వేయించిన పర్భణీ తామ్రశాసనం, అతని తండ్రి బద్దెగ ఇక్కడ కట్టించిన శుభధామ జినాలయానికి ఇచ్చిన దానాన్ని చెబుతుంది. అంటే పదో శతాబ్దికే ఊళ్లో జైన గుడి కూడా ఉంది. ఇప్పుడు రాజన్న గుడి చుట్టూ భీమేశ్వరాలయం, నగరేశ్వరాలయం, బద్ది పోచమ్మ గుడి ఉన్నాయి. ప్రాకారం లోపలే ఒక దర్గా కూడా ఉంది. ఊరే ఒక సముదాయంగా పెరిగింది.

గుడి పెరిగేటప్పుడు మామూలుగా గర్భగుడి జోలికి పోరు. ప్రతిష్ఠ జరిగిన మూర్తిని కదిలించడం పెద్ద తంతు. అందుకే పాతది చిన్నదిగా నడుమనే ఉండిపోతుంది, కొత్తది ముందుకూ చుట్టూ సాగుతుంది. గర్భగుడి ముందు అంతరాళం, దాని ముందు రంగమండపం, ఇంకా ముందు జనం నిలబడే ముఖమండపం. పెరుగుదలకు మొదటి దారి ఇదే.

మండపంలో అన్ని స్తంభాలు ఎందుకని చాలామంది అడుగుతారు. అందం కోసమే అయితే కొన్ని చాలు. అసలు కారణం రాయి గుణం. రాయి మీద ఎంత బరువు పెట్టినా మోస్తుంది కానీ, రెండు కొసల మీద నిలబెట్టి మధ్యలో బరువు వేస్తే కింది వైపు సాగదీతకు ఓర్చుకోలేక పగులుతుంది. అందుకే రాతి దూలాన్ని మరీ ఎక్కువ దూరం సాగనివ్వరు. స్తంభం తలమీద నాలుగు వైపులకూ చాచిన రాతి చేతులు ఆ దూరాన్ని ఇంకొంత తగ్గిస్తాయి. నడుమ గదికి కప్పు వేయాలంటే నాలుగు మూలల్లో ముక్కోణపు బండలు అడ్డంగా పెట్టి, చతురస్రాన్ని వంకరగా తిప్పి చిన్నది చేస్తూ పోతారు. చివరికి మిగిలిన చిన్న ఖాళీని ఒక్క బండ మూసేస్తుంది. మండపం పెద్దది కావాలంటే దూలాలను పొడిగించడం కుదరదు, స్తంభాల వరుసలు పెంచడం ఒక్కటే మార్గం.

పాత మండపానికి కొత్త వరుసలు కలిపిన చోట అతుకు దొరుకుతుంది. అధిష్ఠానం, అంటే గుడి నిలిచిన అరుగు అంచు గీతలు, చూడండి. పాత అరుగు గీతలు కొంతదూరం సాగి హఠాత్తుగా కొత్త నేల కిందికి దిగిపోతే, ఆ నేల తర్వాత వేసిందే. స్తంభాలూ సాక్ష్యం చెబుతాయి. నునుపుగా, గుండ్రటి పొరలతో తిరిగిన నల్లరాతి స్తంభం కాకతీయుల కాలపు అలవాటు. మొరటు గ్రానైట్‌ దిమ్మెల మీద బొమ్మలు చెక్కినవి దాని పక్కన నిలబడితే రెండు చేతుల పని అని తెలిసిపోతుంది.

అతుకు దగ్గరే జబ్బు కూడా మొదలవుతుంది. పాత భాగం తన బరువుకు ఎప్పుడో సర్దుకుని కూర్చుని ఉంటుంది. కొత్త భాగం ఇంకా కూర్చుంటూ ఉంటుంది. రెండూ ఒకే తీరున దిగవు. కప్పు బండల మధ్య సందు పైకి వెడల్పై, స్తంభం ఒక్క వేలంత వంగితే వానాకాలంలో నీరు లోపలికి దిగడం మొదలవుతుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని కుంగుబాటు వల్లే చివరికి విప్పి మళ్లీ కట్టాల్సివచ్చింది. 2006లో విప్పిన రాళ్లను పేర్చి, మండపాన్ని తిరిగి తెరిచేసరికి 2024 వచ్చింది. గుడి 1163 నాటిది.

ఇక కోనేరు. వేములవాడ స్థలపురాణం ప్రకారం రాజరాజ నరేంద్రుడికి శివలింగం ధర్మగుండంలోనే దొరికింది. కథలో నీరు గుడికంటే ముందుంది. భక్తుల వరుస కూడా దాన్నే పాటిస్తుంది. ధర్మపురిలో గోదావరి పక్కనే ఉన్నా బ్రహ్మపుష్కరిణి వేరే ఉంది, ఎందుకంటే నది చేయలేని పని ఒకటి ఉంది. నది నీరు రోజూ ఒకే మట్టంలో ఉండదు. ఫాల్గుణంలో స్వామి తెప్ప ఎక్కి కోనేట్లో తిరగాలి, నడుమ మండపంలో ఊయల ఊగాలి. దానికి కదలని నీరు, మెట్ల మీద కూర్చునే జనం కావాలి. కోనేరు ఒక్క స్నానానికే కాక ఉత్సవానికి రంగస్థలంగానూ కట్టింది. అందుకే దాని మెట్లకూ, నీటి మట్టానికీ గుడి తాహతుతో లెక్క ఉంటుంది.

తర్వాత గోపురం. దక్షిణాన విజయనగర కాలం నుంచి గాలిగోపురాలు ఆకాశాన్ని అంటాయి. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పాత గుళ్లలో అంత ఎత్తు తక్కువ, ఇక్కడి పెద్ద గోపురాల్లో ఎక్కువ భాగం ఇటీవలివే. కాకతీయులు ద్వారాన్ని తోరణంతో గుర్తించారు. గోపురం కట్టడంలో ఒక రహస్యం ఉంది. కింద ద్వారం ఎత్తు వరకూ గట్టి రాయి, పైన అంతస్తులన్నీ ఇటుక, డంగు సున్నం, గచ్చు. పైకి పోయేకొద్దీ బరువు తగ్గాలనే లెక్క అది. పునాది చిన్నదైతే ఆ లెక్క తప్పుతుంది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి గోపురం నిట్టనిలువు పగులు పెరుగుతూ 2010 మే 26న కూలిపోయింది. పగుళ్లలో అడ్డపగుళ్లకంటే కింద నుంచి పైకి నిలువుగా పాకేవాటికి భయపడాలి. అవి గోడ రెండుగా విడిపోతోందని చెబుతాయి.

ప్రతి గుడీ ఒకేలా పెరగదు, మూలరూపమే హద్దులు గీస్తుంది. కాళేశ్వరంలో గర్భగుడికి నాలుగు వాకిళ్లు. ఒకే పానవట్టం మీద కాలేశ్వర, ముక్తేశ్వర లింగాలు. ఒక దిక్కుకు మండపం పొడిగిస్తే మిగతా మూడు వాకిళ్లూ పెరడైపోతాయి, అందుకే అక్కడ పెరుగుదల నాలుగు వైపులకూ సమంగా పోవాలి. ఆదిలాబాద్ దగ్గరి జైనథ్‌లో ఆశ్వయుజంలో తొలి సూర్యకిరణాలు లక్ష్మీనారాయణస్వామి పాదాలను తాకుతాయని భక్తులు చూడటానికి వస్తారు. అక్కడ ముందు ఎత్తైన కట్టడం లేస్తే మండపం మిగులుతుంది గాని, కిరణం మిగలదు.

వేములవాడలో విస్తరణకు 2024 నవంబరులో శంకుస్థాపన జరిగింది. పెరగడం ఈ గుడికి కొత్తేమీ కాదు, దాని చరిత్రే పెరుగుదల. అయితే పాతవాళ్లు కలిపిన చోట అతుకు మిగిలేది, దాన్ని చూసి మనం ఎవరు ఏం కట్టారో చదువుకుంటున్నాం. ఇప్పుడు కూల్చడం సులువు, అతుకు కనపడకుండా పూయడం ఇంకా సులువు. గోడ తీసేముందు ప్రతి రాయికీ అంకె వేసి, అరుగు గీతలు, స్తంభాల కొలతలు కాగితం మీదికి ఎక్కించడం ఆ పని ఖర్చులో చిన్న భాగం. అది చేయకపోతే తర్వాతి తరానికి పెద్ద గుడి మిగులుతుంది కానీ, అది ఎలా పెద్దదైందో చెప్పే రాయి మిగలదు.