అటెండరు, బంట్రోతు, ప్యూన్: అనువాదంలో జారిపోయే మెట్టు

‘అటెండరు ఫైలు తెచ్చి బల్లమీద పెట్టాడు’ వంటి వాక్యాన్ని ఆంగ్లంలోకి తీసుకువెళ్లే అనువాదకుడికి చిక్కు క్రియలో లేదు, కర్తలో ఉంది. పదాన్ని అలాగే ఉంచితే బ్రిటిష్ పాఠకుడికి సభకో, చర్చికో హాజరైన వ్యక్తి స్ఫురిస్తాడు. ‘ఆఫీస్ అసిస్టెంట్’ అంటే అమెరికా పాఠకుడు గుమాస్తాను ఊహిస్తాడు. అప్పుడు ఫైలు రాసే మనిషి, మోసే మనిషి ఒకరైపోతారు. మన కార్యాలయ కథల్లో సంఘర్షణ తరచుగా ఆ తేడా మీదే నడుస్తుంది.

‘ప్యూన్’ సంగతి మరింత విచిత్రం. పోర్చుగీసులో కాలిబంటును సూచించిన మాట అది. మన ‘బంట్రోతు’లోనూ బంటు ఉన్నాడు. ఇంత చక్కటి జోడీ దొరకడం అరుదు. అయితే అమెరికన్ ఆంగ్లంలో ఆ మాటకు అప్పు కింద వెట్టిచేసే కూలీ అనే అర్థం ఉంది. ఆ వెట్టిని నిషేధిస్తూ 1867లో అక్కడ చట్టమే వచ్చింది. నెలజీతం తీసుకునే మన బంట్రోతు ఆ పాఠకుడికి బానిసగా కనబడే ప్రమాదం ఉంది.

ప్రభుత్వం నేడు వాడే ‘ఆఫీస్ సబార్డినేట్’ నియామక పత్రానికి సరిపోతుంది గాని సంభాషణకు కాదు; గంట కొట్టిన అధికారి ఆ పేరుతో ఎవరినీ పిలవడు. కాబట్టి వలసపాలన కాలపు కథలో ‘ప్యూన్’నూ, నేటి కథలో ‘అటెండర్’నూ నిలిపి, మొదటి ప్రస్తావనలోనే ఫైలు మోయడాన్నో, అధికారి గది బయట స్టూలు మీద కూర్చోవడాన్నో వాక్యంలోకి తేవడం మేలు. పాదసూచిక అక్కర్లేదు.