లోయను మింగే తరగతులు: సోపాన చిత్రంలో వెడల్పు ఎంపిక

సోపాన చిత్రం, అంటే హిస్టోగ్రామ్, గీయబోయేవారు గీతకంటే ముందే రెండు నిర్ణయాలు తీసుకోవాలి: కొలతలను ఎంత వెడల్పున్న తరగతులుగా విడగొట్టాలన్నది ఒకటి, మొదటి తరగతిని ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండోది. ఒక్కో తరగతిలో పడిన కొలతల సంఖ్యను పౌనఃపున్యం అంటారు; దానిని దీర్ఘచతురస్రపు వైశాల్యంగా చూపడమే ఈ చిత్రం చేసే పని. హిస్టోగ్రామ్ అన్న పేరు కార్ల్ పియర్సన్ 1890లలో పెట్టినది. పేరు చరిత్ర అంతటితో చాలు. అవే కొలతలు తరగతి వెడల్పు మారగానే మరో రూపంలో కనిపించడంలోనే ఈ విద్య మర్మమంతా ఉంది.

ఈ మర్మం తెలుసుకోవడానికి అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానంలో ఉన్న ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ కొలతలను మించినవి అరుదు. ఆ బుగ్గ 272 సార్లు ఎగజిమ్మినప్పుడు ఒక్కోసారి ఎన్ని నిమిషాలు జిమ్మిందో ఆర్ భాషలోని `faithful` అనే పట్టికలో ఉంది. అన్నింటికంటే చిన్నది 1.6 నిమిషాలు, పెద్దది 5.1 నిమిషాలు. 1.5 దగ్గర మొదలుపెట్టి, అర నిమిషం వెడల్పుతో, సరిహద్దు మీద పడిన కొలతను పై తరగతిలో చేర్చుతూ లెక్కిస్తే వరుసగా 51, 41, 5, 7, 30, 73, 61, 4 వస్తాయి. చిత్రంలో రెండు కొండలు, వాటి నడుమ లోతైన లోయ స్పష్టంగా నిలుస్తాయి: 2.5 నుంచి 3.5 నిమిషాల మధ్య ఉన్నవి పన్నెండు మాత్రమే. ఆ లోయ కేవలం కంటికింపైన వంపు కాదు. బుగ్గ కొద్దిసేపు జిమ్మితే తర్వాతి దానికి సగటున సుమారు 55 నిమిషాలు, ఎక్కువసేపు జిమ్మితే సుమారు 80 నిమిషాలు వేచి ఉండాలని అదే పట్టిక చెబుతుంది కనుక, లోయకు అటూ ఇటూ ఉన్నవి నిజంగానే రెండు వేర్వేరు రకాలు.

ఇప్పుడు ఆ ఎనిమిది సంఖ్యలనే చేతిలో ఉంచుకొని వెడల్పును రెండు నిమిషాలకు పెంచి, 1 దగ్గర మొదలుపెడితే 97, 171, 4 మిగులుతాయి. రెండు కొండలు కలిసిపోయి మధ్యలో ఒకే శిఖరమున్న చిత్రం కనబడుతుంది, దాన్ని చూసినవారు ఈ బుగ్గ మామూలుగా మూడు నుంచి ఐదు నిమిషాలు జిమ్ముతుందని నిశ్చింతగా అనుకుంటారు. అంతకంటే ఆశ్చర్యకరమైనది ఒక నిమిషం వెడల్పు చేసే పని. 1.5 దగ్గర మొదలైతే 92, 12, 103, 65 వచ్చి లోయ భద్రంగా ఉంటుంది. అదే వెడల్పుతో 1 దగ్గర మొదలైతే 51, 46, 37, 134, 4 వచ్చి లోయ దాదాపు మాయమవుతుంది. పన్నెండు కొలతలు మాత్రమే ఉన్న ఆ ఖాళీని రెండు తరగతులు దాదాపు చెరిసగం పంచుకొని, పక్కనున్న కొండల మట్టితో పూడ్చివేశాయి. వెడల్పు లోయ వెడల్పుతో సమానమైనప్పుడు ఆరంభ బిందువే తీర్పరి అవుతుందన్నమాట.

```
hist(faithful$eruptions, breaks = seq(1.5, 5.5, by = 0.5), right = FALSE)
hist(faithful$eruptions, breaks = seq(1, 6, by = 1), right = FALSE)
```

వెడల్పును మరీ తగ్గించినా కీడే. 0.05 నిమిషం చొప్పున విడగొడితే సుమారు డెబ్బై తరగతులై, ఒక్కోదానికి సగటున నాలుగు కొలతలైనా దక్కవు. నాలుగు రావలసిన చోట యాదృచ్ఛికంగానే రెండు అటూ ఇటూ కావడం సహజం కనుక, చిత్రమంతా దువ్వెన పళ్లలా లేచి పడుతూ, లేని శిఖరాలను చూపుతుంది. వెడల్పు పెరిగితే ఆకారం చెరిగిపోతుంది, తగ్గితే యాదృచ్ఛికత ఆకారంలా నటిస్తుంది. ఈ రెండు దోషాల మధ్య తూకం కుదర్చడమే ఎంపిక.

ఆ తూకానికి 1926లో స్టర్జెస్ ఇచ్చిన సూత్రం `k = 1 + log2(n)`. ఇక్కడ `n` కొలతల సంఖ్య, `k` తరగతుల సంఖ్య. గంట ఆకారపు విభాజనాన్ని మనసులో పెట్టుకొని కట్టిన ఈ సూత్రం పది లక్షల కొలతలకు కూడా ఇరవై ఒక్క తరగతులే ఇస్తుంది. అంత సంపదను అంత పిసినారిగా ఖర్చు చేయడం న్యాయం కాదు. అసలైన పనితనం 1979లో డేవిడ్ స్కాట్ చూపాడు. రెండు దోషాల మొత్తం కనిష్ఠం కావాలంటే వెడల్పు `n` ఘనమూలానికి విలోమంగా తగ్గాలని గణితంతో నిరూపించి, `h = 3.49 s n^(-1/3)` అని తేల్చాడు. `s` అంటే ప్రామాణిక విచలనం, సగటు చుట్టూ కొలతలు ఎంతగా చెదిరాయో చెప్పే సంఖ్య. 1981లో ఫ్రీడ్‌మన్, డయాకోనిస్ ఆ విచలనం స్థానంలో చతుర్థాంశాల అంతరాన్ని, అంటే నడిమి సగం కొలతలు ఆక్రమించిన నిడివిని పెట్టి `h = 2 IQR n^(-1/3)` అన్నారు. ఎంత సరళం, ఎంత దృఢం! బుగ్గ పట్టికలో ఒక 4.5 పొరపాటున 45గా నమోదైతే స్కాట్ వెడల్పు 0.61 నుంచి దాదాపు 1.5కు ఉబ్బిపోతుంది, ఫ్రీడ్‌మన్, డయాకోనిస్‌ల వెడల్పు 0.71 దగ్గర చలించక నిలుస్తుంది. పొడవైన తోకలున్న కొలతలకు ఈ సూత్రానికే పట్టం కట్టాలి.

అయినా మహామహుల సూత్రాలకూ హద్దుంది. కొండలు రెండున్నప్పుడు విచలనమూ, చతుర్థాంశాంతరమూ వాటి మధ్య దూరాన్ని కూడా కొలుస్తాయి కనుక వెడల్పు అవసరానికి మించి వస్తుంది. అందుచేత సూత్రం ఇచ్చిన విలువను గరిష్ఠ హద్దుగా తీసుకొని, దానికి దిగువన అనుకూలమైన సంఖ్యను, ఇక్కడ 0.5ను, ఎంచుకోవాలి, ఆపైన ఆరంభ బిందువును సగం తరగతి జరిపి, వెడల్పును సగం చేసి చూసినా నిలిచే ఆకారాన్నే నమ్మాలి. ఆరంభ బిందువు పెత్తనాన్ని తొలగించడానికి స్కాటే 1985లో, కొద్దికొద్దిగా జరిపిన అనేక సోపాన చిత్రాల సగటును గీసే పద్ధతిని అందించడం ఈ సంప్రదాయానికి దక్కిన ఆభరణం. కొలతలు పూర్ణ సంఖ్యలైతే వెడల్పు కూడా పూర్ణ సంఖ్యే కావాలి, వయసులను 2.5 ఏళ్ల తరగతుల్లో పెడితే ఒకదానిలో మూడు వయసులు, పక్కదానిలో రెండు పడి, లేని ఎగుడుదిగుడులు పుడతాయి.

ఇంతటి విద్య నేడు మీట నొక్కితే వచ్చే చిత్రం పాలైపోవడం బాధాకరం. `numpy.histogram` ఏమీ చెప్పకపోతే పది తరగతులు కడుతుంది, కొలతలు వందైనా కోటైనా అవే పది. మెరుగైన వెడల్పును ఎంచుకొమ్మని హెచ్చరిస్తూ ముప్పై తరగతులు గీసే `ggplot2` ఈ విషయంలో ఎంతో నిజాయితీ గలది. పాఠ్యపుస్తకాల లెక్కల్లో తరగతులు సాధారణంగా ముందే కట్టి ఉండడంతో, ఎంపిక అనేది ఒకటుందని విద్యార్థికి తెలియదు. అసమాన తరగతులకు వైశాల్యం బదులు ఎత్తునే పౌనఃపున్యంగా గీసి, వెడల్పైన తరగతిని అక్రమంగా గొప్ప చేసే నకిలీ చిత్రాలకైతే సోపాన చిత్రమన్న పేరు పెట్టుకునే అర్హతే లేదు. ప్రతి చిత్రం కింద తరగతి వెడల్పు, ఆరంభ బిందువు, కొలతల సంఖ్య రాయడం నియమం కావాలి; అప్పుడు ఆ ఒక్క వాక్యం చదివిన పాఠకుడే, ఆ తరగతుల్లో ఏ లోయ పూడిపోయి ఉండవచ్చునో అడగగలుగుతాడు.