సిగ్నల్ దొరికేదాకా
భద్రాచలం అవతల, చర్ల దాటి అడవిలోకి వెళ్తే చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అక్కడో గూడెంలో ఆశా కార్యకర్త జ్వరాల సర్వే ఫారం నింపి 'పంపు' నొక్కిందనుకుందాం. మంచి ఫారం వివరాలను ఫోన్‌లోని ఇండెక్స్‌డ్‌డీబీలో దాచి, 'పంపాల్సినవి 1' అని చూపిస్తుంది. సిగ్నల్ రాగానే పంపుతుంది.

నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి జాగ్రత్త. వివరాలు సర్వర్‌కి చేరాక, జవాబు వచ్చేలోపే సిగ్నల్ పోవచ్చు. ఫోన్ మళ్లీ పంపుతుంది, ఒక్క రోగి లెక్కలో ఇద్దరవుతాడు. అందుకే ఫారం నింపినప్పుడే దానికి `crypto.randomUUID()`తో ఒక గుర్తింపు సంఖ్య పడుతుంది. అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ కొత్తగా రాసుకోదు, 'అందింది' అని మాత్రం చెబుతుంది. ఆ మాట అందాకే ఫోన్ తన కాపీని చెరిపేస్తుంది. ఇంత ముందుచూపుతో రాసినవాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది.