తక్కువ అడిగిన ఉత్తరం

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక చిన్న ఆఫీసు ఉంది. కమీషన్ ఏజెంట్లకు ఈవే బిల్లులు తీసిపెట్టడం వాళ్ల పని. సరుకు విలువ 50 వేలు దాటితే ఆ బిల్లు లేకుండా లారీ కదలకూడదు. సీజన్‌లో ఒకే నెలలో ఐదుసార్లు నెట్ పోయింది. అప్పుడు ఆ ఆఫీసు యజమాని నెట్ కంపెనీకి రాసిన రెండు పేజీల ఉత్తరం నా చేతికొచ్చింది. తిట్టు ఒక్కటీ లేదు, గట్టితనమంతా పట్టికలో ఉంది.

నెట్ ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, డాకెట్ నంబరెంత అన్నవి ఎవరైనా రాస్తారు. ఈయన పెట్టె మీది దీపాల సంగతి కూడా రాశాడు. నాలుగుసార్లు ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలిగింది. అంటే పెట్టెకు కరెంటు ఉంది, ఫైబర్‌లో సిగ్నలే లేదు. ఐదోసారి ఎరుపు లేదు, పీఓఎన్ దీపం పచ్చగా నిలకడగానే ఉంది, నెట్ మాత్రం లేదు. తీగ బాగానే ఉంది కాబట్టి లోపం కంపెనీ వైపే ఉండే అవకాశం ఎక్కువ. ‘మీ దగ్గర కరెంటు పోయిందేమో’ అనే మాటకు ఇక చోటు లేదు. ప్రతి వరుసకూ ఫోన్‌తో తీసిన ఫొటో జత చేశాడు.

తర్వాత లెక్క. నెల అద్దె 1,180 రూపాయలు, నెట్ లేనిది మొత్తం 54 గంటలు. నెలకు 720 గంటల చొప్పున చూస్తే వాపసు రావలసింది 88 రూపాయల 50 పైసలే. ఈ చిన్న అంకెను ఆయన దాచలేదు, అదే ముందు పెట్టాడు. నాకు నచ్చిన తెగువ ఇది. ట్రాయ్ నిబంధనల్లోని అద్దె తగ్గింపు ఒకే ఫాల్టు రోజుల తరబడి సాగినప్పటి సంగతి. మాటిమాటికీ పోయి వచ్చే నెట్‌కు అది అక్కరకు రాదు. అందుకే అసలు నష్టాన్ని విడిగా చూపాడు.

మొదటి అంతరాయం రాత్రి టిక్కీలు ఎక్కించిన లారీ తెల్లారేదాకా ఆగింది. దానికి వెయిటింగ్ ఛార్జీ 3,000, రసీదుతో సహా. మర్నాడే డేటా రీఛార్జి 599 చేయించి, మిగతా నాలుగుసార్లూ ఫోన్ హాట్‌స్పాట్‌తోనే పని నడిపాడు. ఆ నాలుగింటికీ లారీ ఖర్చు అడగలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ నేరుగా కలిగిన నష్టానికే పరిహారం ఇస్తుంది. నష్టాన్ని తగ్గించుకునే దారి చేతిలో ఉందా అని కూడా చూస్తుంది. ‘ఫోన్ వాడుకోవచ్చుగా’ అన్న ప్రశ్నకు ఆ 599 రసీదే జవాబు. పోయిన ఖాతాదారులు, చెడిన పేరు అంటూ లక్షలు రాసి ఉంటే ఈ 3,687 రూపాయల 50 పైసల మీదా అనుమానం వచ్చేది.

ఒక్క లోటు కనిపించింది. టెలికాం సేవల వివాదాలూ వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది, నిజమే. కానీ 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం సేవ తీసుకున్నవాడు వినియోగదారుడు కాడు. కంపెనీ వకీలు మొదట పట్టుకునేది దీన్నే. స్వయం ఉపాధితో బతుకుతున్నాననీ, ఈ కనెక్షన్ అందుకేననీ ఒక వాక్యం ఉండాలి. అది రెండో పేజీలో, అడిగిన మొత్తానికి పైన చేరితే సరిపోతుంది.