పక్కింటాయన వేసుకునే మాత్ర

"గుండెకు ఆస్పిరిన్ మంచిదంట కదా డాక్టరుగారూ, నేనూ రోజుకొకటి వేసుకోనా?" అని అడిగారు 72 ఏళ్ల పెద్దాయన. పక్కింటాయన వేసుకుంటున్నారట. ఈయనకు బీపీ ఉంది, మందుతో అదుపులోనే ఉంది. షుగర్ లేదు. గుండెపోటు, పక్షవాతం ఎప్పుడూ రాలేదు.

ఆయన అడిగినట్టే వెతికితే స్టెంట్ పడినవాళ్ల మీద చేసిన పరిశోధనలు కూడా వచ్చి పడతాయి. అవి ఈయనవి కావు. అందుకే ముందు చీటీ మీద నాలుగు ముక్కలు రాసుకుంటాను. ఎవరికి? డెబ్బై దాటి, గుండెజబ్బు లేనివారికి. ఏమిస్తే? రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్. దేనితో పోలిస్తే? ఏమీ ఇవ్వకపోవడంతో. ఏం చూడాలి? గుండెపోటు, పక్షవాతం, వాటితో పాటు రక్తస్రావం. ఈ చివరిది రాయడం మరిచిపోతే, మాత్ర చేసే మేలొక్కటే వెతుకుతాం.

అలా వెతికితే 2018లో వచ్చిన ఆస్ప్రీ అధ్యయనం దొరికింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధులు. ఎవరికి ఆస్పిరిన్, ఎవరికి ఉత్త మాత్ర అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఏది మింగుతున్నదీ వాళ్లకూ తెలియదు, ఇచ్చేవాళ్లకూ తెలియదు. సుమారు 4.7 ఏళ్లు గమనించారు.

గుండె, రక్తనాళాల జబ్బుల నిష్పత్తి 0.95. ఐదు శాతం తగ్గిందని ఇక్కడే సంబరపడకూడదు. పక్కనే ఉన్న అవధి 0.83 నుంచి 1.08. అంటే 17 శాతం తగ్గి ఉండొచ్చు, 8 శాతం పెరిగీ ఉండొచ్చు. మేలు ఉందని దీన్నిబట్టి చెప్పలేను. పెద్ద రక్తస్రావాలు మాత్రం ఉత్త మాత్ర వేసుకున్నవారిలో వెయ్యికి 28, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 38. దీన్నే "మూడో వంతుకు పైగా ఎక్కువ" అంటే పెద్దాయన హడలిపోతారు. "అయిదేళ్లలో వెయ్యిమందిలో మరో పదిమందికి" అంటే తూచుకోగలరు. నేను అలాగే చెప్పాను.

వాళ్లు విదేశీయులు కదా అన్న సందేహం న్యాయమైనదే. మనవాళ్ల గుండె ముప్పు వేరు కావచ్చు, కడుపులో పుండ్ల బెడదా వేరు కావచ్చు. అందుకని నా నమ్మకాన్ని కొంచెం తగ్గించుకున్నాను. సలహా మాత్రం మారలేదు. షుగర్ ఉండుంటే చీటీలో మొదటి ముక్కే మారేది. అదే ఏడాది షుగర్ రోగుల మీద వచ్చిన అసెండ్ అధ్యయనంలో గుండె సంబంధ ఘటనలు కొంత తగ్గాయి, రక్తస్రావమూ దాదాపు అంతే పెరిగింది.

"అయితే వద్దులెండి" అన్నారు పెద్దాయన. లేచి గుమ్మం దాకా వెళ్లి, "మా పక్కింటాయనకూ చెప్తాను, మానేయమని" అన్నారు.

వెనక్కి పిలిచి కూర్చోబెట్టాను. పక్కింటాయనకు స్టెంట్ ఉందట.